కుక్క కరిస్తే ఏమి చేయాలి? టీకా ఒక్కటే ఎందుకు సరిపోదు?

ముందు గాయాన్ని కడగండి. ఆసుపత్రికి బయలుదేరడానికి ముందే, కుక్క ఎవరిదో వాకబు చేయడానికి ముందే ఈ పని మొదలు కావాలి. కుళాయి ధార కింద గాయాన్ని ఉంచి, సబ్బు రుద్దుతూ గడియారం చూసుకుని పదిహేను నిమిషాల పాటు కడగాలి. కరిచిన కుక్క లాలాజలంలో ఉండగల రేబిస్ వైరస్ పైన కొవ్వుతో కూడిన పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను కరిగిస్తుంది, పారే నీరు లాలాజలాన్ని బయటికి తోసేస్తుంది. రెండు నిమిషాలు కడిగి ఆపేస్తే లోతుగా దిగిన పంటిగాటులోకి నీరు చేరదు. కడిగిన తరువాత పోవిడోన్ అయోడిన్ వంటి క్రిమిసంహారక మందు రాయవచ్చు. మరేదీ పూయవద్దు, కాల్చవద్దు, బిగుతుగా కట్టు కట్టవద్దు.

కడుగుతూనే ఒళ్లంతా వెతకండి. పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. జుట్టులో, చెవి వెనుక, వేళ్ల సందుల్లో ఉన్న చిన్న గాట్లు పెద్ద గాయం హడావుడిలో కంటపడవు. ఒక్క గాటు తప్పిపోయినా ఎంత ప్రమాదమో కాసేపట్లో తెలుస్తుంది.

గాయం ఏ తరగతిది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి ఘటనలను మూడు తరగతులుగా విభజించింది. జంతువును తాకడం, దానికి తిండి పెట్టడం, గాయం లేని చర్మాన్ని అది నాకడం మొదటి తరగతి. దీనికి కడుక్కుంటే చాలు, టీకా అక్కర్లేదు. బట్ట అడ్డం లేని చర్మాన్ని రక్తం రాకుండా పళ్లతో కొరికినా, గీరుకుపోయినా రెండవ తరగతి. దీనికి కడగడంతో పాటు టీకా కావాలి. చర్మాన్ని చీల్చుకుని దిగిన కాటు లేదా గోరుగాటు, పుండు మీద గానీ నోరు, కళ్ల వంటి తడి పొరల మీద గానీ లాలాజలం పడటం, గబ్బిలం నేరుగా తగలడం మూడవ తరగతి. దీనికి కడగడం, టీకా, గాయంలోనే ఎక్కించే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు మూడూ కావాలి.

రెండుకూ మూడుకూ మధ్య గీత రక్తం. మంచి వెలుతురులో చూడండి. చిన్న చుక్క కనిపించినా అది మూడవ తరగతే. గాయం చిన్నదే కదా అని రెండవ తరగతిలో వేసేయడం ప్రాణాంతకమైన పొరపాటు, ఎందుకంటే అలా చేస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇవ్వరు.

టీకా ఉండగా ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎందుకు?

టీకా మన శరీరానికి వైరస్‌ను పట్టుకునే ప్రతిరక్షకాలను తయారుచేయడం నేర్పుతుంది. అవి తగినంతగా తయారు కావడానికి దాదాపు వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఈలోగా వైరస్ ఖాళీగా ఉండదు. అది గాయం దగ్గరి కండరంలో పెరిగి, అక్కడి నరాల కొసల్లోకి ప్రవేశించి మెదడు వైపు ప్రయాణిస్తుంది. ఒకసారి నరంలోకి వెళ్లాక దానిని ప్రతిరక్షకాలు అందుకోలేవు. కాబట్టి ఆపవలసిన చోటు గాయమే. ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటే ముందే తయారై ఉన్న ప్రతిరక్షకాలు. వాటిని గాయంలో పోస్తే వైరస్ నరాన్ని చేరకముందే అక్కడికక్కడే పట్టుకుంటాయి. కోట గుమ్మం దగ్గర కాపలా పెట్టడం లాంటిది ఇది. గుమ్మం వదిలేసి పెరట్లో కాపలా పెడితే ఫలితం ఉండదు. అందుకే గాయం కాలి మీద ఉండగా మందంతా పిరుదులోకో భుజంలోకో ఎక్కించడం వల్ల గాయానికి దక్కేది చాలా తక్కువ.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పదిహేను కిలోల బరువున్న నాలుగేళ్ల పాపకు చెంప మీద ఒకటి, పై పెదవి మీద ఒకటి, రెండు వేళ్ల మీద రెండు, ముంజేతి మీద ఒకటి, మొత్తం అయిదు గాయాలున్నాయి. మనుషుల రక్తం నుంచి తీసిన ఇమ్యునోగ్లోబ్యులిన్ కిలోకు 20 యూనిట్లు, గుర్రాల నుంచి తీసినది కిలోకు 40 యూనిట్లు మించకూడదు. అంటే పాపకు గరిష్ఠంగా మొదటిది 300, లేదా రెండవది 600 యూనిట్లు. మందు గాఢత మిల్లీలీటరుకు మొదటిదానిలో 150, రెండవదానిలో 300 యూనిట్లయితే, ఏది వాడినా వచ్చేది రెండు మిల్లీలీటర్లే. అయిదు గాయాలకు అది చాలదు. అలాగని మోతాదు పెంచితే టీకా వల్ల శరీరం తయారుచేయవలసిన ప్రతిరక్షకాలు తగ్గుతాయి. ఇక్కడ చేయవలసింది ఒక్కటే: మందును సాధారణ సెలైన్‌తో రెండు మూడు రెట్లకు పలచన చేసి, ప్రతి గాయం లోపలా, అంచుల చుట్టూ సూదితో నింపడం. వేళ్లలో చోటు తక్కువ, బలవంతంగా ఎక్కిస్తే రక్తప్రసరణ దెబ్బతింటుంది. అందుకని అక్కడ పట్టినంతే నెమ్మదిగా ఇస్తారు. పెదవి గాటు ఒక్కటి వదిలేసినా అక్కడి నుంచి వైరస్ మెదడుకు చేరే దారి చాలా దగ్గర.

గాయాలు పెద్దవైతే కుట్లు వెంటనే వేయకపోవడం మంచిది. తప్పనిసరైతే ముందు ఇమ్యునోగ్లోబ్యులిన్ నింపి, తరువాత వదులుగా వేయాలి. గుర్రాల నుంచి తీసిన మందుకు అరుదుగా తీవ్రమైన అలెర్జీ రావచ్చు కాబట్టి ఇంజెక్షన్ తరువాత కాసేపు ఆసుపత్రిలోనే ఉంచుతారు.

మీకు సరైన చికిత్స అందిందో లేదో మీరే గుర్తించవచ్చు. గాయంలోకి సూది దిగిందా? అన్ని గాయాల్లోకీ దిగిందా? భుజానికి మాత్రమే ఇంజెక్షన్ వేసి పంపితే అది టీకా మాత్రమే అయి ఉండే అవకాశం ఎక్కువ. ‘గాయంలో ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇచ్చారా డాక్టరుగారూ?’ అని అడగడానికి మొహమాటపడవద్దు. ఆ రోజు మందు దొరకకపోతే టీకా ఆపకుండా మొదలుపెట్టి, మొదటి టీకా వేసిన రోజు నుంచి ఏడు రోజుల లోపు ఎక్కడ దొరికితే అక్కడ వేయించుకోవాలి. ఆ తరువాత శరీరం సొంతంగా ప్రతిరక్షకాలు తయారుచేస్తూ ఉంటుంది కాబట్టి ఇవ్వరు.

టీకా తేదీలు

మొదటి టీకా వేసిన రోజును సున్నా రోజుగా లెక్కించాలి, కరిచిన రోజును కాదు. 4వ తేదీన మొదటిది వేస్తే మూడో రోజు 7వ తేదీ, ఏడో రోజు 11వ తేదీ. చర్మం పొరల్లోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7 రోజుల్లో రెండేసి చోట్ల 0.1 మిల్లీలీటరు చొప్పున వేస్తారు. కొన్ని చోట్ల 28వ రోజున కూడా వేస్తారు. కండరంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7 రోజుల్లో ఒక్కొక్కటి, 14 నుంచి 28 రోజుల మధ్య మరొకటి. పాత అయిదు టీకాల పద్ధతి అయితే 0, 3, 7, 14, 28. ఆసుపత్రివారు ఎంచుకున్న పద్ధతిని చీటీ మీద రాయించుకోండి. పెద్దలకు టీకా భుజానికి, రెండేళ్ల లోపు పిల్లలకు కండరంలోకి ఇచ్చేటప్పుడు తొడ ముందు పక్క భాగానికి వేస్తారు. పిరుదుకు వేయకూడదు. ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను, టీకాను ఒకే సిరంజిలో గానీ ఒకే చోట గానీ ఇవ్వరు.

కరిచినది కుక్క లేదా పిల్లి అయి, కంటికి కనిపించే చోటే ఉంటే పది రోజులు గమనించవచ్చు. పది రోజుల తరువాత కూడా అది ఆరోగ్యంగా ఉంటే మిగిలిన టీకాలు ఆపవచ్చు. అయితే ఆ పది రోజులు చూసి చికిత్స మొదలుపెడదామని ఆగకూడదు. వ్యాధి లక్షణాలు సాధారణంగా రెండు మూడు నెలలకు బయటపడతాయి, కొందరిలో వారానికే, కొందరిలో ఏడాదికి. బయటపడ్డాక నయం చేసే మందు లేదు. కరిచి వారాలు గడిచిన తరువాత వచ్చినవారికి కూడా, నిన్న కరిచినవారికి ఇచ్చినట్టే మొత్తం చికిత్స ఇస్తారు.

గతంలో పూర్తి రేబిస్ టీకాలు వేయించుకున్నట్టు ఆధారం ఉన్నవారికి మాత్రం లెక్క వేరు. వారికి 0, 3 రోజుల్లో టీకా చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అవసరం లేదు. గాయాన్ని పదిహేను నిమిషాలు కడగడం మాత్రం వారికి కూడా తప్పదు.