ఇంటి కరెంటు పని నేర్చుకుందాం – 4వ పాఠం: నల్లా ముట్టుకుంటే జుమ్మంటే

పోయిన పాఠంలో మల్టీమీటర్‌తో సాకెట్ చూడటం నేర్చుకున్నాం కదా, ఈసారి దాన్నే పట్టుకుని ఒక అసలు కేసులోకి పోదాం. నల్లగొండలో మా అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, బాత్రూంల నల్లా ముట్టుకుంటే జుమ్మంటుంది, గీజర్ బంద్ చేసినా ఆగుతలేదు." ఎప్పుడెప్పుడు వస్తుందని అడిగితే, పొద్దున ఒక్కటే, మధ్యాహ్నం చేతులు కడిగితే ఏం లేదంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కేసంతా దీంట్లోనే ఉంది.

చిన్నగా జుమ్మంటే ఏం కాదులే అనుకుంటారు చాలామంది. సుమారు అర మిల్లీ ఆంపియర్ నుంచి ఒక మిల్లీ ఆంపియర్ దాకా కరెంటు ఒంట్లోంచి పోతేనే మనకు జుమ్మని తెలుస్తుంది. అక్క వాళ్ళింట్లో గీజర్ నుంచి నల్లా దాకా ప్లాస్టిక్ పైపు, అంటే కరెంటు రావాల్సింది లోపలి నీళ్ళ గుండానే, ఆ నీళ్ళు అడ్డుపడబట్టి నల్లా దగ్గర కొంచెమే తెలుస్తుంది. అదే తడి చేత్తో గీజర్ డబ్బాకున్న ఇనుప భాగాన్ని పట్టుకుంటే ఆ అడ్డు ఉండదు. కాబట్టి నల్లా దగ్గర దెబ్బ చిన్నదని లోపం చిన్నదనుకోవద్దు.

ఇప్పుడు ముందు ఏం బంద్ చేయాలి? గీజర్ స్విచ్ అంటారు అందరూ. ఆ స్విచ్ ఫేజ్ తీగను మాత్రమే తెంపుతుంది, ఎర్త్ తీగకు స్విచ్ ఉండదు, అది గీజర్ డబ్బాకు ఎప్పుడూ తగిలే ఉంటుంది. కరెంటు ఎర్త్ తీగలోంచే వస్తుంటే మీరు గీజర్ స్విచ్ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. అందుకే నల్లా వదిలేసి, బాత్రూంలోంచి బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, పొడి చెప్పులు వేసుకుని మెయిన్ బంద్ చేయాలి, ఫేజ్, న్యూట్రల్ రెండూ తెంపే పెద్ద స్విచ్ అన్నమాట. ఆ తర్వాతే గీజర్ ప్లగ్గు పీకండి.

నేను పొద్దున్నే పోయి అదే చేశాను. ప్లగ్గు పీకి మెయిన్ వేసి, గీజర్ సాకెట్‌లో మీటర్ పెట్టాను. ఫేజ్‌కి న్యూట్రల్‌కి 230 వోల్టులు, బాగానే ఉంది. ఫేజ్‌కి ఎర్త్‌కి కూడా దాదాపు అంతే రావాలి, 140 వచ్చింది. న్యూట్రల్‌కి ఎర్త్‌కి రెండు మూడు వోల్టులుండాలి, 90 ఉంది. అంటే ఇంటి ఎర్త్ తీగ భూమికి అందడం లేదు, గాల్లో వేలాడుతోంది, పైగా దాంట్లోకి ఎక్కడినుంచో కరెంటు కారుతోంది. కొందరు ఇక్కడ ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య బల్బు పెట్టి చూస్తారు, దయచేసి ఆ పని చేయకండి, ఎర్త్ తెగి ఉంటే ఆ బల్బు గుండా కరెంటు ఇంట్లో ఉన్న ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ బాడీలన్నిటికీ పాకుతుంది.

కారేది ఎవరు? మీటర్‌ను న్యూట్రల్, ఎర్త్ మధ్య ఉంచి అక్కను బోర్డు దగ్గర నిలబెట్టి ఎంసీబీలు ఒక్కొక్కటే దించమన్నాను. ఫ్రిజ్‌ది దించితే మార్పు లేదు. హాలుది దించినా లేదు. సంపు మోటారుది దించగానే 90 కాస్తా 3కి పడింది. పొద్దున ట్యాంకు నింపడానికి మోటారు వేస్తారు, అదే టైంకి స్నానాలు! గీజర్ పాపం ఏ తప్పూ చేయలేదు, మోటారులో పుట్టిన కరెంటు ఎర్త్ తీగ పట్టుకుని దాని డబ్బాలోకి, అక్కడినుంచి నీళ్ళలోకి వచ్చింది.

మోటారు ఎంసీబీ ఎందుకు పడలేదని అక్క అడిగింది. అది ఓవర్‌లోడ్‌కి, షార్ట్‌కి పడుతుంది, ఇంత చిన్న లీకేజీ దానికి లెక్కే కాదు. దానికోసం వేరే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, వాళ్ళింట్లో లేదు.

పెరట్లో ఎర్త్ గుంత మీది మూత తీస్తే పైపుకు బిగించిన క్లాంపు తుప్పు పట్టి పొడి రాలుతోంది, తీగ పక్కన పడి ఉంది. మెయిన్ బంద్ చేసి కొత్త జీఐ క్లాంపు బిగించి గుంతలో నాలుగు బకెట్ల నీళ్ళు పోశాం. మళ్ళీ మోటారు వేసి చూస్తే న్యూట్రల్‌కి ఎర్త్‌కి 2 వోల్టులే, నల్లా దగ్గర జుమ్మనడం పోయింది.

ఇక్కడే చాలామంది పని ఆపేస్తారు. మోటారు ఇంకా కారుతూనే ఉంది, ఇప్పుడా కరెంటు భూమిలోకి పోతుంది కాబట్టి మనకు తెలియడం లేదంతే. మరునాడు వైండింగ్ దుకాణంలో ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్ పెడితే వైండింగ్‌కి బాడీకి మధ్య ఒక మెగా ఓం కూడా చూపించలేదు, రీవైండింగ్‌కి ఇచ్చాం. ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం.

ఇదే కేసులో మోటారు వేసినా వోల్టేజీ పెరగక, గీజర్ ప్లగ్గు పెట్టి స్విచ్ వేసినప్పుడే పెరిగితే అప్పుడు దొంగ గీజర్ లోపలి హీటింగ్ ఎలిమెంటే. మన బోరు నీళ్ళ సున్నం దాని మీద ఎలా పేరుకుంటుంది, గొట్టం ఎలా పగులుతుంది అన్నది 5వ పాఠంలో ఎలిమెంట్ బయటికి తీసి చూద్దాం.