ట్రేడ్‌మార్క్ ఎగ్జామినేషన్ రిపోర్ట్: అభ్యంతరాలు ఎలా చదవాలి, నెలలోపు జవాబు ఎలా ఇవ్వాలి

ట్రేడ్‌మార్క్ దరఖాస్తు వేశాక పోర్టల్‌లో స్టేటస్ Objected అని మారితే, దరఖాస్తు తిరస్కరించారేమోనని చాలామంది హడలిపోతారు. అది తిరస్కరణ కాదు. పరీక్షించిన అధికారికి కొన్ని సందేహాలు వచ్చాయి, వాటికి మీ సమాధానం కావాలి అని మాత్రమే దాని అర్థం. జవాబు ఇవ్వకుండా ఊరుకుంటే మాత్రం దరఖాస్తు చేజారిపోతుంది. ట్రేడ్ మార్క్స్ రూల్స్, 2017లోని 33వ రూల్ ప్రకారం, రిపోర్ట్ అందిన నెలలోపు జవాబు ఇవ్వకపోతే రిజిస్ట్రార్ ఆ దరఖాస్తును వదిలేసినట్టు పరిగణించవచ్చు. అప్పుడు స్టేటస్ Abandoned అని కనిపిస్తుంది.

ఆ నెల ఎప్పుడు మొదలవుతుందన్న దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. ఈమెయిల్‌లో పంపిన పత్రం, పంపిన సమయానికే అందినట్టు లెక్క. మీరు ఎప్పుడు తెరిచి చదివారన్నది లెక్కలోకి రాదు. జూన్ 10న మెయిల్ వస్తే జూలై 10 లోపు జవాబు పోర్టల్‌లో ఉండాలి. రిపోర్ట్ మీద అచ్చైన తేదీ, మెయిల్ వచ్చిన తేదీ వేరుగా ఉంటే ముందున్న తేదీ నుంచి లెక్కపెట్టుకోండి, దానివల్ల నష్టమేమీ లేదు. ఏజెంటు ద్వారా దరఖాస్తు వేసి ఉంటే మెయిల్ ఏజెంటు చిరునామాకే వెళుతుంది. అందుకే ఎవరో చెబుతారని ఎదురుచూడకుండా, వారానికోసారి ipindia.gov.in లో అప్లికేషన్ నంబరు కొట్టి స్టేటస్ మీరే చూసుకోవడం మంచిది. రిపోర్ట్ సిద్ధమైతే అదే పేజీలో View Examination Report అన్న బటన్ కనిపిస్తుంది.

గడువు సరిపోదనిపిస్తే, అది ముగిసేలోపే ఫారం TM-M వేసి అదనపు సమయం కోరవచ్చు. ఆన్‌లైన్‌లో దీని రుసుము 900 రూపాయలు. సమయం ఇవ్వాలా వద్దా అన్నది రిజిస్ట్రార్ విచక్షణ, కాబట్టి ఇస్తారన్న నమ్మకంతో పని వాయిదా వేయకండి. అసలు జవాబు దాఖలు చేయడానికి రుసుమేమీ లేదు.

రిపోర్ట్ చేతికి రాగానే ముందు చూడాల్సింది అందులో ఏ సెక్షన్ పేర్కొన్నారన్నది. ట్రేడ్ మార్క్స్ యాక్ట్, 1999లో రెండు సెక్షన్లు తరచుగా వస్తాయి. సెక్షన్ 9 మీ పేరులోనే ఉన్న లోపాన్ని ఎత్తిచూపుతుంది. సెక్షన్ 11 వేరొకరి పేరుతో మీ పేరు తగాదా పడుతోందని చెబుతుంది. రెండింటికీ ఒకే రకం జవాబు పనికిరాదు. ఎక్కడో దొరికిన నమూనా జవాబులో పేర్లు మార్చి పెట్టేవారు ఇక్కడే దెబ్బతింటారు. సెక్షన్ 11 అభ్యంతరానికి 'మా పేరు విలక్షణమైనది' అని రెండు పేజీలు రాస్తే అధికారి అడిగినదానికి జవాబు రానట్టే.

సెక్షన్ 9(1)(బి) కింద వచ్చేది ఎక్కువగా సరుకునో, దాని గుణాన్నో, అది పుట్టిన ఊరినో చెప్పే పేర్ల మీద. పచ్చళ్లకు 'కమ్మని ఆవకాయ' అని పేరు పెట్టుకుంటే ఆ మాటలు ఏ పచ్చళ్ల వ్యాపారికైనా అవసరమే, ఒక్కరికే కట్టబెట్టడం కుదరదు. దీనికి నిలబడే జవాబు ఒక్కటే: దరఖాస్తు తేదీకి ముందే ఎంతోకాలం వాడటం వల్ల ఆ పేరు వినగానే కొనేవాళ్లకు మీ సరుకే గుర్తొస్తుందని ఆధారాలతో చూపడం. దరఖాస్తు తర్వాత పుట్టిన బిల్లులు, ప్రకటనలు దీనికి పనికిరావు. వాడకమే మొదలుకాని వర్ణనాత్మకమైన పేరైతే, దాని కోసం పోరాడే కన్నా వేరే పేరుతో కొత్త దరఖాస్తు వేయడమే మేలని మా అభిప్రాయం.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది సెక్షన్ 11 దగ్గర. రిపోర్ట్‌తో పాటు ఒక పట్టిక వస్తుంది. మీ పేరును పోలిన పాత మార్కులు, వాటి దరఖాస్తు నంబర్లు, క్లాసు, యజమాని, సరుకుల వివరం, వాడకం తేదీ, స్టేటస్ అందులో ఉంటాయి. ఆ పట్టికలో ఒక్కో వరుసను ఒక్కో కేసులా చదవాలి. అన్నిటికీ కలిపి 'ఇవేవీ మాలాంటివి కావు' అని ఒక్క వాక్యం రాస్తే ఒక్కదానికీ జవాబు ఇచ్చినట్టు కాదు.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒకామె 'కొండపిట్ట' అన్న పేరుకు క్లాస్ 29లో దరఖాస్తు వేసింది. సరుకుల దగ్గర పచ్చళ్లు, పాల ఉత్పత్తులు, వంటనూనెలు అని రాసింది. నిజానికి ఆమె అమ్మేది పచ్చళ్లే. మిగతావి ఎప్పటికైనా పనికొస్తాయని చేర్చింది. 2019 నుంచి వాడుతున్నట్టు దరఖాస్తులోనే చెప్పి, రూల్ 25 కోరినట్టు వాడకం అఫిడవిట్‌నూ జతచేసింది. రిపోర్ట్‌లో మూడు మార్కులు చూపించారు.

మొదటిది అదే పేరు, అదే క్లాసు, స్టేటస్ Removed. అంటే రెన్యువల్ రుసుము కట్టక రిజిస్టరు నుంచి తీసేశారు. ఇక అడ్డు తొలగిందనుకోవడం తొందరపాటు. సెక్షన్ 26 ప్రకారం తొలగించిన తర్వాత ఏడాది వరకూ, కొత్త దరఖాస్తుల విషయంలో ఆ మార్కు ఇంకా రిజిస్టరులో ఉన్నట్టే లెక్క. తొలగింపునకు ముందు రెండేళ్లుగా దాన్ని నిజాయితీగా వ్యాపారంలో వాడలేదని గానీ, గందరగోళానికి ఆస్కారం లేదని గానీ తేలితే మినహాయింపు ఉంటుంది. కాబట్టి ఏ తేదీన తొలగించారో చూడాలి. ఏడాది దాటి ఉంటే ఆ తేదీని ప్రస్తావిస్తూ, స్టేటస్ పేజీ ప్రింటును అనుబంధంగా పెడితే ఈ వరుస తేలిపోతుంది. Abandoned, Refused, Withdrawn అని ఉన్న దరఖాస్తులైతే ఆ పేజీ చూపితే చాలు. జవాబు దాఖలు చేసే రోజునే స్టేటస్ మరోసారి చూడండి. రిపోర్ట్‌లో ఉన్నది అది తయారైన నాటి పరిస్థితి.

రెండోది 'కొండ', పాల ఉత్పత్తులకు, Registered. ఇక్కడ పేర్లు వేరని వాదించడం కంటే తగాదాను మూలంలోనే తుంచేయవచ్చు. ఆమె పాలు అమ్మడం లేదు, అమ్మే ఆలోచనా లేదు. TM-M వేసి సరుకుల జాబితాలోంచి పాల ఉత్పత్తులను తీసేసి, ఆ రసీదు నంబరును జవాబులో పేర్కొంటే సరుకుల మధ్య పోలిక చాలావరకు పోతుంది. జాబితాను కుదించుకోవచ్చు గానీ కొత్త సరుకులతో మార్చేయడానికి, మార్కును గణనీయంగా మార్చడానికి ఒప్పుకోరు. ఆ పైన, మార్కును ముక్కలు చేయకుండా మొత్తంగా పోల్చాలనీ, సగటు జ్ఞాపకశక్తి ఉన్న కొనుగోలుదారుకు 'కొండ', 'కొండపిట్ట' వేర్వేరుగానే వినిపిస్తాయనీ నాలుగు వాక్యాల్లో రాయవచ్చు. చూపుకు, ఉచ్చారణకు, అర్థానికి తేడా ఏమిటో ఒక్కోదానికి ఒక్కో వాక్యం చాలు.

మూడోదే కష్టమైనది. 'కొండ పిట్టలు', పచ్చళ్లకే, ఆమె కంటే నాలుగు నెలల ముందు వేసిన దరఖాస్తు, ఇంకా పెండింగులో ఉంది. పేరు దగ్గరిది, సరుకు ఒకటే, దరఖాస్తు తేదీ వాళ్లదే ముందు. పేర్లు వేరని సాగదీస్తే నమ్మేవారుండరు. పైగా జవాబులో రాసింది రికార్డులో నిలిచిపోతుంది. రేపు వాళ్లు ఆ పేరు వాడుతున్నారని ఈమె కోర్టుకు వెళితే, 'రెండూ వేరని మీరే రాశారు కదా' అని అదే కాగితం చూపిస్తారు. ఇక్కడ ఆమె బలం వేరే చోట ఉంది. పట్టికలో వాళ్ల వాడకం దగ్గర Proposed to be used అని ఉంది, అంటే దరఖాస్తు నాటికి వాళ్లు ఇంకా మొదలే పెట్టలేదు. ఆమె వాడకం 2019 నుంచి. నిజాయితీగా జరిగిన సమాంతర వాడకం, ఇతర ప్రత్యేక పరిస్థితుల ఆధారంగా పోలిన మార్కును కూడా నమోదు చేసే అధికారం సెక్షన్ 12 రిజిస్ట్రార్‌కు ఇస్తుంది. జవాబు ఆ దారిన నడవాలి. వాళ్ల దరఖాస్తు, ఆమోదించిన మార్కులను ప్రకటించే ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వెలువడితే నాలుగు నెలల్లోపు అభ్యంతర నోటీసు వేసే దారి కూడా ఆమెకు ఉంది, కనుక దాని నంబరును వదలకుండా చూస్తూండాలి.

ముందు వాడకం వాదన మొత్తం కాగితాల మీదే నిలబడుతుంది. 2019 నాటి బిల్లు తీసి చూస్తే దాని మీద 'మామిడికాయ పచ్చడి, అర కిలో' అని ఉంటుంది, 'కొండపిట్ట' అన్న పేరు ఎక్కడా ఉండదు. ఇలాంటి బిల్లు సరుకు అమ్మినట్టు చూపుతుంది గానీ ఆ పేరుతో అమ్మినట్టు చూపదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఆహార లైసెన్సు కూడా అంతే. వ్యాపారం ఉందని చెబుతాయి, బ్రాండు సంగతి చెప్పవు. పేరు అచ్చైన లేబుళ్ల ముద్రణ బిల్లు, తేదీతో ఉన్న ప్రకటన, పేరు కనిపించే అమ్మకం బిల్లులు వెతకండి. ఏడాదికి రెండు మూడు చొప్పున 2019 నుంచి దరఖాస్తు తేదీ దాకా ఖాళీ లేకుండా ఉంటే, ఒకే నెలవి యాభై బిల్లుల కన్నా అవే బలంగా ఉంటాయి. వాటిని వరుస నంబర్లతో నోటరీ చేయించిన అఫిడవిట్‌కు జతచేయాలి. తెలుగులో ఉన్న కాగితాలకు ఇంగ్లిష్ లేదా హిందీ అనువాదం పెట్టండి, రిజిస్ట్రీ నడిచేది ఆ రెండు భాషల్లోనే. మార్కే తెలుగు లిపిలో ఉంటే దాని ఉచ్చారణ, అర్థం కూడా ఇవ్వాలి. అది ఇవ్వలేదన్న అభ్యంతరం మనవాళ్ల దరఖాస్తులకు రావడం సహజం.

దరఖాస్తులో Proposed to be used అని పెట్టినవారు జవాబులో మాత్రం అయిదేళ్లుగా వాడుతున్నామంటే రెండు మాటలూ పొసగవు. ఆ తేదీ మార్చాలంటే విడిగా TM-M వేసి, ఆధారాలు చూపి ఒప్పించాలి. ఒప్పుకుంటారన్న హామీ లేదు.

జవాబు రూపం సాదాగానే ఉంటుంది. పైన రిజిస్ట్రార్‌ను సంబోధించి, దరఖాస్తు నంబరు, క్లాసు, దరఖాస్తుదారు పేరు, రిపోర్ట్ తేదీ రాయాలి. తర్వాత రిపోర్ట్‌లో ఉన్న వరుసలోనే ఒక్కో అభ్యంతరాన్ని ఎత్తి రాసి, కిందే దాని జవాబు, అనుబంధం నంబరు ఇవ్వాలి. వకాల్తా కాగితం లేదు, సరుకుల వివరం స్పష్టంగా లేదు వంటి చిన్న అభ్యంతరాలను వదిలేయకండి. పెద్దవాటికి చక్కగా జవాబిచ్చినా ఇవి మిగిలిపోతే ఫైలు కదలదు. చివర దరఖాస్తును ఆమోదించి జర్నల్‌లో ప్రకటించాలనీ, అభ్యంతరం ఇంకా నిలిస్తే హియరింగ్ ఇవ్వాలనీ కోరి సంతకం చేయాలి. ఈ-ఫైలింగ్‌లో ఇది MIS-R కింద Reply to Examination Report గా దాఖలవుతుంది. రసీదు దాచుకుని, రెండు మూడు రోజుల తర్వాత స్టేటస్ పేజీలోని పత్రాల జాబితాలో జవాబు చేరిందో లేదో తెరిచి చూడండి. అనుబంధాలన్నీ పేజీలు తప్పకుండా ఎక్కాయా అన్నది కూడా చూడాలి.

జవాబు వేశాక కూడా స్టేటస్ కొంతకాలం Objected అనే ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. అధికారి తృప్తిపడితే దరఖాస్తు జర్నల్‌కు వెళుతుంది. లేకపోతే Ready for Show Cause Hearing అని మారి, వీడియో కాన్ఫరెన్స్ తేదీతో నోటీసు వస్తుంది. 'కొండపిట్ట' విషయంలో మొదటి రెండు మార్కులూ జవాబుతోనే తేలిపోవచ్చు, మూడోదానికి హియరింగ్ దాదాపు తప్పదు. ఆ రోజుకు 2019 నాటి అసలు బిల్లులు, లేబుళ్లు చేతికి అందేలా పెట్టుకోవాలి.