సిఫార్సు లేఖని ఇటాలియన్‌లోకి మార్చినప్పుడు: నా అనుభవం

మిలాన్‌లో పీహెచ్‌డీకి అప్లై చేస్తున్న ఎమ్మే విద్యార్థిని కోసం ఇంగ్లిష్‌లో రాసిన లేఖ. ఇటాలియన్‌లోకి మారిస్తే వ్యాకరణం సరిగ్గానే ఉంది, చదివితే మాత్రం ప్రకటనలా ఉంది. మాటకి మాట మార్చడం, పెద్ద విశేషణాలు జోడించడం, నిఘంటువు మార్చడం, ఏదీ పనిచేయలేదు.

పనిచేసింది మొదటి వాక్యాన్ని తిరగరాయడం. ఇంగ్లిష్‌లో "లావణ్య నాకు రెండేళ్లుగా తెలుసు, నేను ఆమె అడ్వైజర్‌ని" అని ఉంది. ముందు పేరు సరిచేశాను: లావణ్య తీసేసి "లా దొత్తొరెస్సా", ఆ పక్కన పాస్‌పోర్టులోని ఇంటిపేరు. ఇటలీలో డిగ్రీ పూర్తయితే చాలు మహిళలకి ఈ "డాక్టర్" బిరుదు వస్తుంది, పీహెచ్‌డీ అక్కర్లేదు.

తర్వాత క్రియ. "ఓ కొనొష్యూతో" అని భూతకాలంలో రాస్తే "పరిచయమైంది" అనే అర్థం వస్తుంది. ఇంకా తెలుసు కాబట్టి వర్తమానమే: "కొనోస్కో ... దా దువే ఆన్ని". అడ్వైజర్‌కి "రెలతోరె", రాసేది మహిళ అయితే "రెలత్రీచె".

ఆఖరున "బ్రిలియంట్, ప్యాషనేట్" కొట్టేసి, ఆమె చేసిన పని పెట్టాను: డేటా తనే సేకరించింది, పద్ధతిలో తప్పు తనే పట్టుకుంది. దాని ముందు "ఆ దిమొస్త్రాతో" (కనబరిచింది) అంటే సరిపోయింది. ముగింపులో "సిన్సియర్లీ"కి "సిన్చెరమెంతె" వద్దు, "కొర్దియాలి సలూతి" చాలు.

ఇది హ్యుమానిటీస్ లేఖ. సైన్సు విభాగాల్లో ఇంతకంటే పొట్టిగా రాసినా నడుస్తుందనుకుంటా. చాలా కోర్సులు ఇంగ్లిష్ లేఖనే తీసుకుంటాయి, ముందు నోటిఫికేషన్ చూడండి.