ఊలు ప్యాంటు కూర్చునే చోట మెరుస్తోందా?

సమస్య

పోయిన సంక్రాంతి అయిపోయాక ఒక పెద్దాయన కడపలోని మా టైలర్ షాపుకు ముదురు నీలం గాబర్డిన్ ప్యాంటు తెచ్చి బల్ల మీద పరిచాడు. వెనక అరచేతి వెడల్పున రెండు చోట్ల గుడ్డ నూనె పూసినట్టు నిగనిగలాడుతోంది. "ఏందబ్బా ఇది, ఎన్నిసార్లు ఉతికించినా పోలేదే" అన్నాడు. అది మరకయితే కదా పోవడానికి!

కారణం

ఊలు గాబర్డిన్‌ను ఎక్కువగా వర్‌స్టెడ్ నూలుతో నేస్తారు. ఈ నూలు కోసం ఉన్నిని బాగా దువ్వి, పొట్టి పోగులు తీసేసి, పొడవాటివి ఒకే దిక్కుకు పెట్టి వడుకుతారు. అందుకే గుడ్డ నున్నగా ఉంటుంది, నిటారుగా జారుతుంది, మడత నిలబెడుతుంది. గాబర్డిన్‌లో పైగా ఏటవాలు గీతల నేత చాలా దట్టం. ఆ గీతలు కుర్చీకి రాసుకునో, పొడి ఇస్త్రీకి నలిగో చదునైపోతే వెలుతురు తిరిగి కొడుతుంది. మెరుపంటే అంతే.

ఫ్లానెల్‌కు పైన నూగు ఉంటుంది, నేతను కప్పేస్తుంది కాబట్టి అంత త్వరగా మెరవదు. దాని తంటా వేరే, మోకాళ్ల దగ్గర ఉబ్బుతుంది. ట్వీడ్ గరుకు నూలు, ఒంటికి అంటకుండా బిగుసుకుని నిలబడుతుంది, మెరుపు సమస్యే తక్కువ. కడప ఎండలో దాన్ని తొడిగేవాళ్లూ తక్కువే అనుకోండి.

పరిష్కారం

ముందు లోపలి కుట్టు అంచు నుంచి ఒక పోగు లాగి కాల్చండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడి అయితే ఊలు. గట్టి పూసలా ముద్దకడితే అందులో పాలిస్టర్ ఉంది. వేడికి పాలిస్టర్ కరిగి వచ్చిన మెరుపు పోదు, ఆశ పెట్టుకోవద్దు.

ఊలయితే నూలు గుడ్డ తడిపి గట్టిగా పిండి, మెరిసే చోట పరవండి. ఇస్త్రీ పెట్టె ఊలు గుర్తు దగ్గర ఉంచి, పైన ఆనించి ఎత్తండి. రుద్దకూడదు. ఆవిరి ఇంకా లేస్తుండగానే మెత్తటి బ్రష్‌తో ఎదురు దిక్కుకు దువ్వండి. రెండు మూడు సార్లు ఇలా చేసి, ఒక రాత్రంతా తగిలించి ఆరనివ్వండి. వీధి బండి మీది బొగ్గుల పెట్టెకు వేడి అదుపు ఉండదు, అక్కడ ఇచ్చేటప్పుడు తడిగుడ్డ లేకుండా పెట్టొద్దని గట్టిగా చెప్పండి.

పెద్దాయన ప్యాంటుకు ఎడమవైపు మెరుపు చాలావరకు తగ్గింది. కుడివైపు తగ్గలేదు. లోపల చెయ్యి పెట్టి ట్యూబ్‌లైటుకు పట్టి చూస్తే నా వేళ్లు లీలగా కనబడ్డాయి. అక్కడ పోగులు నలగలేదు, అరిగిపోయాయి. ఆవిరితో లేచేందుకు ఏమీ మిగల్లేదు. లోపలివైపు పల్చటి అస్తరు ముక్క వేసి కుట్టి ఇచ్చాను.