ఆఫీసు ఉత్తరాలు, 7వ పాఠం: మెయిల్ వేరేవాళ్లకు వెళ్లిపోయాక రాసే సవరణ

పోయిన పాఠంలో విషయం పంక్తి రాయడం చూశాం. ఈసారి దానితోనే పని పడింది. పలాసలో ఒక జీడిపప్పు వ్యాపారి ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడు తన సీనియర్‌కు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఇది. అతని అనుమతితోనే ఇస్తున్నాను.

"అన్నా, కొంప మునిగిపోనాది! జీతాల షీటు బయ్యర్లందరికీ ఎల్లిపోనాది. ఆడిటర్ గారికని pal అని కొట్టి ఎంటర్ నొక్కీసాను. 38 మంది అకౌంటు నంబర్లు ఉన్నాయన్నా. డిలీట్ సేసీమని అందరికీ ఆన్సర్ పెట్టీనా? సార్ సూత్తే నా ఉద్యోగం ఊడిపోద్ది."

జరిగింది ఇదీ. కాంటాక్టుల్లో Palasa Audit అని ఒకటి, Palasa Buyers అని 14 మంది ఉన్న గుంపు ఒకటి ఉన్నాయి. మూడు అక్షరాలు కొట్టగానే జీమెయిల్ గుంపును ముందు చూపించింది. మెయిల్ 11:40కి వెళ్లింది, అతను 11:52కి గమనించాడు. పంపాక కనిపించే Undo మామూలుగా 5 సెకన్లే ఉంటుంది. సెట్టింగ్స్‌లో మార్చుకున్నా 30 సెకన్లు దాటదు. కాబట్టి వెనక్కి లాగే దారి లేదు. షీటును డ్రైవ్ లింకుగా పంపి ఉంటే ముందు లింకుకు అనుమతి తీసేసి, ఆ తర్వాత ఉత్తరం రాయాలి. ఇక్కడ ఫైలునే జతచేశాడు.

ఇప్పుడు ఆ మెసేజ్‌లో బయ్యర్లకు పనికొచ్చేది ఎంతో ఏరుదాం. ఏ మెయిల్, ఎవరికి వెళ్లాల్సింది, ఇప్పుడు వాళ్లేం చేయాలి. అంతే. pal కొట్టిన సంగతి, ఉద్యోగం భయం వాళ్లకు అక్కర్లేదు. అకౌంటు నంబర్ల మాట కూడా రాయకూడదు. ఫైలు తెరవనివాడికి కూడా అందులో ఏముందో మనమే చెప్పినట్టవుతుంది. అలాగని ఏమీ లేదన్నట్టు దాచడం కూడా తప్పే. తొలగించమని ఎందుకు అడుగుతున్నామో వాళ్లకు తెలియాలి. "సిబ్బంది వ్యక్తిగత వివరాలు" అంటే సరిపోతుంది.

కుర్రాడి మొదటి చిత్తుప్రతి: "సారీ సారీ, ఇందాకటి మెయిల్ పట్టించుకోకండి ప్లీజ్." ఇది చదివినవాడు ఇందాకటి మెయిల్ ఏమిటా అని వెతికి మరీ తెరుస్తాడు. పైగా ఏ మెయిలో, ఏం చేయాలో అందులో లేదు. మేం తిరిగి రాసింది ఇది:

"విషయం: ఈ రోజు 11:40కి వచ్చిన మా మెయిల్ పొరపాటున చేరింది, దయచేసి తొలగించండి

నమస్కారం. ఈ రోజు ఉదయం 11:40కి June sheet అనే పేరుతో మా నుంచి మీకొక మెయిల్ వచ్చింది. అది మా ఆడిటర్ గారికి వెళ్లాల్సింది. అందులో మా సిబ్బంది వ్యక్తిగత వివరాలున్నాయి. దయచేసి దాన్ని తెరవకుండా తొలగించి, ట్రాష్ నుంచి కూడా తీసేయండి. ఫైలు డౌన్‌లోడ్ అయి ఉంటే ఆ కాపీనీ తొలగించండి, ఎవరికీ పంపకండి. అయ్యాక 'తొలగించాను' అని ఒక్క మాట జవాబివ్వండి. ఈ పొరపాటు మాదే, క్షమించండి. ఈ రోజు రేట్ల జాబితా ఎప్పటిలాగే సాయంత్రం పంపుతాం."

ట్రాష్ మాట ఎందుకంటే, జీమెయిల్‌లో తొలగించిన మెయిల్ అక్కడ 30 రోజులు ఉంటుంది. చివరి వాక్యం కూడా కావాలనే పెట్టాం. ఆ గుంపుకు రోజూ వెళ్లేది రేట్లే కాబట్టి, ఈ మెయిల్ చూడగానే రేటు తప్పు పడిందేమోనని ఫోన్లు మొదలవుతాయి.

పంపే పద్ధతిలోనూ జాగ్రత్త ఉండాలి. పాత మెయిల్‌కే అందరికీ జవాబు పెడితే కొత్త మాట పాతదాని పక్కనే చేరి దాన్నే చూపిస్తుంది. ఒక బయ్యరు "ఇదేంటి?" అని అందరికీ తిరిగి రాస్తే మరింత పాకుతుంది. అందుకే కొత్త మెయిల్ తెరిచి, To లో మన చిరునామా, Bcc లో ఆ 14 మందినీ పెట్టాం. ఫైలు మళ్లీ జతచేయలేదు. ఆడిటర్ గారికి వేరే మెయిల్ పంపాం.

పంపే ముందే యజమానికి ఫోన్ చేయించాను. బయ్యరు నోట వినడం కంటే కుర్రాడి నోట వినడమే నయం. సాయంత్రానికి తొమ్మిది జవాబులొచ్చాయి. మిగతా ఐదుగురికి ఫోన్. ఇద్దరు అప్పటికే ఫైలు తెరిచామన్నారు. చూసేసిన దాన్ని ఏ ఉత్తరమూ చెరపలేదు. అందుకే ఆ 38 మందికీ మర్నాడు ఉదయం షెడ్డులోనే నోటితో చెప్పారు: మీ అకౌంటు నంబరు బయటికి వెళ్లింది, బ్యాంకు నుంచి అని ఎవరు ఫోన్ చేసి ఓటీపీ అడిగినా చెప్పకండి అని.

అభ్యాసం: ఇదే మెయిల్ బయ్యర్లకు కాకుండా, ఆ 38 మందిలో ఒక్కరికే వెళ్లిందనుకోండి. సవరణ ఉత్తరం నాలుగు వాక్యాల్లో రాయండి. వచ్చే పాఠంలో దాన్ని దిద్దుదాం.