బీమా ఫిర్యాదు రాయడం: నాలుగో పాఠం – ఏజెంటు చెప్పినదీ, పాలసీలో ఉన్నదీ వేరైనప్పుడు

గత పాఠంలో పాలసీ షెడ్యూలును, అంటే పాలసీ పత్రంలో మన పేరు, మొత్తం, తేదీలు ఉండే మొదటి పేజీలను చదవడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో ఆ పేజీలోని ఒకే ఒక్క తేదీని ఆధారంగా చేసుకుని, ఏజెంటు తప్పుడు మాటతో అమ్మిన ఆరోగ్య బీమాపై ఫిర్యాదు ఎలా నిలబెట్టాలో చూద్దాము. తప్పుడు అమ్మకాలలో ఎన్నో రకాలున్నా, పాత పాలసీని మాన్పించి కొత్తది కట్టించే రకాన్నే ఎంచుకున్నాను. దీనిలో కొనుగోలుదారు పోగొట్టుకునేది కట్టిన ప్రీమియం ఒక్కటే కాదు, అప్పటిదాకా ఓపికగా గడిపిన సంవత్సరాలు కూడా.

ఉదాహరణకు ఒక కొనుగోలుదారును ఊహించుకోండి. ఆయనకు మోకాళ్ల అరుగుదల ఉంది. నాలుగేళ్లుగా ఒక కంపెనీలో పాలసీ నడుపుతున్నారు కాబట్టి, ముందునుంచే ఉన్న జబ్బులకు వర్తించే మూడేళ్ల వెయిటింగ్ పీరియడ్, అంటే ఆ జబ్బులకు క్లెయిమ్ రాని తొలి వ్యవధి, అక్కడ ఎప్పుడో పూర్తయింది. రెన్యువల్ దగ్గరపడినప్పుడు మరో కంపెనీ ఏజెంటు వచ్చి, ఇంతకంటే ఎక్కువ మొత్తానికి, తక్కువ ప్రీమియంతో పాలసీ ఇప్పిస్తానన్నాడు. మోకాళ్ల సంగతి అడిగితే, "మీ పాత నాలుగేళ్లూ ఇక్కడ లెక్కలోకి వస్తాయి సార్, మొదటి రోజునుంచే కవర్" అని ఫోనులో సందేశం కూడా పెట్టాడు. అయిదు నెలల తర్వాత ఆపరేషన్‌కు క్లెయిమ్ పెడితే, వెయిటింగ్ పీరియడ్ పూర్తి కాలేదంటూ కంపెనీ తిరస్కరించింది.

ఇక్కడ చాలామంది వెంటనే ఏజెంటుకు ఫోను చేసి గొడవపడతారు, లేదా కోపంతో కొత్త పాలసీని రద్దు చేయమంటారు. రెండోది నష్టాన్ని పెంచుతుంది. ఫ్రీ లుక్ గడువు, అంటే పత్రం చేతికందిన తర్వాత నచ్చకపోతే తిప్పి పంపేందుకు ఇచ్చే వ్యవధి (భారతదేశంలో ఇప్పుడు 30 రోజులు), దాటిపోయాక రద్దు చేస్తే ప్రీమియంలో కొంత భాగమే తిరిగి వస్తుంది, పైగా ఏ రక్షణా లేకుండా మిగిలిపోతాము. అదే, మోసం తొందరగా బయటపడి, పాత పాలసీ గ్రేస్ పీరియడ్, అంటే గడువు తేదీ దాటాక కూడా ప్రీమియం కట్టేందుకు ఇచ్చే అదనపు వ్యవధి, ఇంకా నడుస్తుంటే, అన్నిటికంటే ముందు పాత ప్రీమియం కట్టి ఆ పాలసీని బతికించుకోవాలి. ఫిర్యాదు తర్వాత రాసుకోవచ్చు. మన ఉదాహరణలో ఆ అవకాశం దాటిపోయింది.

ఇప్పుడు మూడు కాగితాలను పక్కపక్కన పెట్టండి. మొదటిది ఏజెంటు సందేశం. తేదీ, నంబరు కనిపించేలా దాని ముందు వెనుకల సంభాషణతో సహా భద్రపరచండి, ఎందుకంటే ఒక్క వాక్యాన్ని కత్తిరించి చూపితే సందర్భం వేరని అవతలివారు వాదించవచ్చు. రెండోది షెడ్యూలు. అందులో "పాలసీ మొదటిసారి ఆరంభమైన తేదీ" అనే గడి ఉంటుంది. పాత పాలసీ కొనసాగింపుగా, అంటే పోర్టబిలిటీ పద్ధతిలో, తీసుకున్నదైతే ఆ గడిలో నాలుగేళ్ల నాటి తేదీ ఉండాలి. కొనుగోలు చేసిన నాటి తేదీయే ఉంటే, కంపెనీ లెక్కలో మీరు కొత్త మనిషి. మూడోది ప్రపోజల్ ఫారం, అంటే పాలసీ కోసం మీరు సంతకం చేసి ఇచ్చిన దరఖాస్తు. దాని నకలు మీ దగ్గర లేకపోతే కంపెనీని రాతపూర్వకంగా అడగండి. అందులో "ఇంతకుముందున్న పాలసీ వివరాలు" అనే చోటు ఖాళీగా ఉంటే, పాత సంవత్సరాలను బదిలీ చేయించే ప్రయత్నమే ఏజెంటు చేయలేదని తేలుతుంది. నా దృష్టిలో ఈ ఖాళీ గడి ఆ సందేశంతో సమానమైన సాక్ష్యం.

ఆ ఫారంపై సంతకం మీదేనన్నది కంపెనీ మొదటి సమాధానం కావచ్చు. కొనుగోలు తర్వాత వచ్చిన ధ్రువీకరణ కాల్‌లో, ఏజెంటు అదనంగా ఏమీ హామీ ఇవ్వలేదని మీరే చెప్పారన్నది రెండో సమాధానం కావచ్చు. ఇవి తేలికైన వాదనలు కావు, వీటిని దాచిపెట్టి రాసిన ఫిర్యాదు వీటి దగ్గరే కూలిపోతుంది. ఫారం ఎవరు నింపారో, సంతకం చేసేనాటికి ఆ గడి ఎలా ఉందో, కాల్‌లో నిజంగా ఏమన్నారో ఉన్నదున్నట్టు ముందే రాసి, ఆ కాల్ రికార్డింగు ఇమ్మని కోరండి. ఏజెంటు మాట కేవలం నోటిమాటైతే బలం తగ్గుతుంది. అప్పుడు కూడా, "ఫలానా రోజు మీరు ఇలా చెప్పారు, ఇప్పుడు క్లెయిమ్ రాలేదు, కారణమేమిటి?" అని అతనికి ప్రశాంతంగా సందేశం పంపితే, వచ్చే జవాబు చాలాసార్లు ఒప్పుకోలుగా పనికివస్తుంది. పాత తేదీ వేసి కొత్త ఫారంపై సంతకం పెట్టమంటే మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పెట్టవద్దు.

ఫిర్యాదులో "మీ ఏజెంటు నన్ను మోసం చేశాడు" అని మొదలుపెడితే చదివే అధికారికి తేల్చడానికి ఏమీ దొరకదు. దాని బదులు ఇలా రాయండి: "నా పాత పాలసీ నాలుగేళ్లు కొత్తదానిలో లెక్కకు వస్తాయని మీ ఏజెంటు కొనుగోలుకు ముందు రాతపూర్వకంగా తెలిపారు (జత 1). ఆ మాట నమ్మి పాత పాలసీని రెన్యువల్ చేయించుకోలేదు (జత 2). అయితే ప్రపోజల్ ఫారంలో పాత పాలసీ వివరాలు నింపలేదు (జత 3). నిజం తెలిసి ఉంటే పాత పాలసీలోనే కొనసాగేవాడిని, ఈ ఆపరేషన్ ఖర్చు అక్కడ వచ్చేది."

చివరి వాక్యమే ఫిర్యాదుకు ఆయువుపట్టు. నిజం చెప్పి ఉంటే మీరు ఏ స్థితిలో ఉండేవారో, ఆ స్థితికి చేర్చమనే అడగాలి. కాబట్టి ఇక్కడ ప్రీమియం వాపసు అడగడం పొరపాటు, ఎందుకంటే డబ్బు తిరిగి వచ్చినా నాలుగేళ్లు రావు. పాత పాలసీ కాలాన్ని గుర్తించి షెడ్యూలు సవరించాలని, పాత పాలసీలో ఉన్న మొత్తం మేరకు క్లెయిమ్ చెల్లించాలని కోరండి. పెరిగిన మొత్తానికి కూడా వెయిటింగ్ పీరియడ్ మినహాయించమంటే కోరిక బలహీనపడుతుంది, పాత పాలసీలో ఉన్నా ఆ అదనపు మొత్తం మీకు దక్కేది కాదు కదా.

ఈ లేఖ ఏజెంటుకు కాదు, కంపెనీ ఫిర్యాదుల విభాగానికి వెళ్లాలి, అందినట్టు నంబరు తీసుకోవాలి. అమ్మినవారు ఏజెంటు కాక బ్రోకరైతే, బ్రోకరు కొనుగోలుదారు తరఫు మనిషి కాబట్టి, బ్రోకరు సంస్థకు విడిగా మరో లేఖ రాయాలి. కంపెనీకి రాయకుండా నేరుగా, బీమా తగవులు తేల్చే స్వతంత్ర అధికారి అయిన అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తే తిప్పి పంపుతారు. భారతదేశంలో కంపెనీ ఒక నెలలో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు మీకు తృప్తి కలిగించకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు ఏడాది గడువు ఉంటుంది, రుసుము ఉండదు. బ్రిటన్‌లో కంపెనీకి ఎనిమిది వారాలు ఇస్తారు, తుది జవాబు వచ్చాక ఆరు నెలల్లో అంబుడ్స్‌మన్‌కు వెళ్లాలి. ఏ దేశంలోనైనా తుది జవాబు అందిన తేదీని లేఖపైనే రాసిపెట్టుకోండి. ఏజెంటు "వచ్చే రెన్యువల్‌లో సరిచేయిస్తాను" అంటూ నెలలు గడిపిస్తే తరిగిపోయేది ఈ గడువే.

అభ్యాసం: మీ పాలసీ షెడ్యూలు తీసి, మొదటిసారి ఆరంభమైన తేదీని, మీరు నిజంగా మొదటిసారి పాలసీ తీసుకున్న తేదీతో పోల్చండి. రెండూ వేరైతే, ప్రపోజల్ ఫారం నకలు కోరుతూ ఈరోజే కంపెనీకి రెండు వాక్యాల లేఖ రాయండి. అయిదో పాఠంలో కంపెనీ తిరస్కరణ లేఖను వాక్యం వాక్యంగా చదివి, అంబుడ్స్‌మన్‌కు ఇచ్చే జవాబు తయారుచేద్దాము.