ఓనర్‌కు రిపేరు మెయిల్ పెట్టినా పని జరగకపోతే: లోపం ఎక్కడ, దిద్దడం ఎలా

అద్దె ఫ్లాట్‌లో బాత్రూమ్ పైకప్పు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఓనర్ వేరే ఊళ్లో ఉంటారు. ఫోన్ చేశారు, మెయిల్ కూడా పెట్టారు, పని మాత్రం కదల్లేదు. ఇలాంటప్పుడు ముందు ఆ మెయిల్‌నే ఒకసారి చదివి చూడాలి.

సమస్య: "సరే, చూస్తాను" అన్నారు, అంతే

కారణం: "కాస్త త్వరగా చేయించండి" అని రాస్తే అందులో గడువు లేదు. ఎవరిని పంపాలో కూడా ఓనర్‌కు అర్థం కాదు.

పరిష్కారం: రెండు రోజులు గమనించి, చూసింది చూసినట్టు రాయండి. రాత్రీపగలూ ఒకేలా కారుతుంటే పై ఫ్లాట్ నీళ్ల పైపు మీద అనుమానం. పైవాళ్లు స్నానాలు చేసే వేళ కారి, తర్వాత ఆగిపోతుంటే బాత్రూమ్ నేల మీద నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ గానీ, టైల్స్ సందులు గానీ కారణం కావచ్చు. తేల్చి చెప్పడం ప్లంబర్ పని. కానీ ఏ వేళల్లో కారుతోందో తెలిస్తే ఓనర్ ముందుగా పైవాళ్లతో మాట్లాడగలరు.

తర్వాత రెండు తేదీలు అడగండి: వచ్చి చూడటానికి ఒకటి, పని పూర్తి కావడానికి ఒకటి. ఒక్క తేదీయే పెడితే ఆ రోజు ప్లంబర్ వచ్చి తొంగి చూసి వెళ్లినా మాట నిలబెట్టుకున్నట్టే అవుతుంది.

లైటు దగ్గర తడి కనిపిస్తే మాత్రం మెయిల్ కోసం ఆగకండి. ఆ లైన్ ఎంసీబీ దించేసి వెంటనే ఫోన్ చేయండి, మెయిల్ తర్వాత.

సమస్య: "నాకెప్పుడు చెప్పారు?"

కారణం: చెప్పినవన్నీ ఫోన్‌లోనే. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోలో, తీసిన తేదీ సమాచారం మిగలదు.

పరిష్కారం: ఫోన్‌లో మాట్లాడిన రోజే రెండు వాక్యాల మెయిల్ పెట్టండి: "ఈరోజు ఫోన్‌లో అనుకున్నట్టు, శనివారం ప్లంబర్‌ను పంపుతామన్నారు. థాంక్సండీ." ఫోటోలను మెయిల్‌కు ఒరిజినల్ ఫైళ్లుగానే జత చేయండి. తడి మరక అంచు వెంట పెన్సిల్‌తో సన్నగా గీత గీసి, పక్కన తేదీ వేసి ఫోటో తీయండి. వారం తర్వాత మరక ఆ గీత దాటి ఎంత పాకిందో ఫోటోలోనే తెలిసిపోతుంది. ప్రతిసారీ అదే మెయిల్‌కు రిప్లై ఇవ్వండి, సబ్జెక్ట్ మార్చకండి. మారిస్తే జీమెయిల్‌లో అది వేరే సంభాషణగా విడిపోతుంది.

సమస్య: ఓనర్‌కు కోపం వచ్చి, మాట అద్దె మీదికో ఖాళీ చేయడం మీదికో మళ్లింది

కారణం: "మీరు పట్టించుకోవడం లేదు", "ఎన్నిసార్లు చెప్పాలి" లాంటి మాటలు. వాటికి ఓనర్ జవాబు చెప్పుకుంటారు తప్ప, నీళ్ల సంగతి వెనక్కి పోతుంది.

పరిష్కారం: వాక్యంలో "మీరు" ఉన్నచోట జరిగిన పనిని పెట్టండి. "మీ ప్లంబర్ సరిగా చేయలేదు" అనే బదులు "20న వైట్ సిమెంట్ పెట్టారు, 27న మళ్లీ కారింది" అంటే చాలు. అందులో తప్పుపట్టడానికేమీ లేదు, రికార్డూ అయింది.

అన్నీ కలిపితే మెయిల్ ఇలా ఉంటుంది:

> సబ్జెక్ట్: ఫ్లాట్ 302, హాల్ బాత్రూమ్ పైకప్పు లీకేజీ (జూన్ 12 నుంచి)
>
> నమస్కారమండీ,
>
> హాల్ బాత్రూమ్ పైకప్పులో జూన్ 12న తడి కనిపించింది. 14న మీకు ఫోన్‌లో చెప్పాను. 20న మీరు పంపిన ప్లంబర్ వచ్చి వైట్ సిమెంట్ పెట్టారు. వెంటనే పంపినందుకు థాంక్స్. 27 నుంచి మళ్లీ కారుతోంది. ఉదయం 7 నుంచి 9 వరకు కారి, తర్వాత ఆగుతోంది. 20, 30 తేదీల ఫోటోలు జత చేశాను.
>
> జూలై 5లోగా ప్లంబర్ పై ఫ్లాట్‌లో కూడా చూసేలా, 15లోగా పని పూర్తయ్యేలా ఏర్పాటు చేయగలరా? సాయంత్రం 6 తర్వాత, ఆదివారం రోజంతా ఇంట్లోనే ఉంటాం. ఈ తేదీలు కుదరకపోతే, మీకు వీలైన తేదీలు 3లోగా చెప్పండి.

చివరి వాక్యం తప్పక ఉండాలి. తేదీ మార్చుకునే వీలు ఓనర్‌కు ఇస్తున్నారు, కానీ మారిన తేదీ కూడా రాతలోనే వస్తుంది.

సమస్య: గడువు దాటినా ఉలుకూ పలుకూ లేదు

పరిష్కారం: మర్నాడే అదే మెయిల్‌కు రిప్లై ఇచ్చి, దాటిన తేదీ, ఈరోజు పరిస్థితి, కొత్త గడువు రాయండి. అద్దె మాత్రం ఆపకండి. ఆపితే బకాయి పడింది మీరవుతారు, ఇంతవరకు రాసిన తేదీలన్నీ పక్కకు పోతాయి. సొంత ఖర్చుతో చేయించి అద్దెలో తగ్గించుకోవాలనుకుంటే, ముందు అంచనా బిల్లు పంపి, ఓనర్ ఒప్పుకోలు మెయిల్‌లోనే తీసుకోండి. 2021 నాటి కేంద్ర మోడల్ టెనెన్సీ చట్టం అలా తగ్గించుకోవడానికి ఒక్కో నెల అద్దెలో సగం దాకానే వీలిచ్చింది. పైగా అది నమూనా చట్టం, రాష్ట్రం స్వీకరిస్తేనే అమలవుతుంది. కాబట్టి ముందు మీ అగ్రిమెంట్‌లో రిపేర్ల గురించి ఏం రాసుకున్నారో చూసి, ఆ క్లాజు నంబరును రిప్లైలో పేర్కొనండి.